అబ్బాయికి వృషణంలో ఒక్కసారిగా భరించలేని నొప్పి వస్తే ఏం చేయాలి?

పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య అబ్బాయికి వృషణంలో ఉన్నట్టుండి విపరీతమైన నొప్పి వచ్చిందంటే, కాదని తేలేదాకా దాన్ని టార్షన్ అనే అనుకోవాలి. అంటే వృషణం వేలాడే తాడు మెలిపడడం. రక్తనాళాలు ఆ తాడులోనే ఉంటాయి. తడిబట్టను పిండినప్పుడు మెలిపడినట్టు తాడు తిరిగిపోతే వృషణానికి రక్తం అందదు. ఆరు గంటల్లోపు మెలిక విప్పితే వృషణం దాదాపు ఎప్పుడూ దక్కుతుంది. పన్నెండు గంటలకు ఆ అవకాశం సగానికి పడిపోతుంది, ఇరవై నాలుగు దాటితే దక్కడం అరుదు. ఈ గంటలు ఆస్పత్రికి చేరినప్పటి నుంచి కాదు, నొప్పి మొదలైనప్పటి నుంచి లెక్క.

చాలాసార్లు నొప్పి నిద్రలోనే మొదలై పిల్లాణ్ణి లేపేస్తుంది. వాంతులూ అవుతాయి. కానీ ఆ వయసు పిల్లలు సిగ్గుపడి "కడుపు నొప్పి" అనే చెబుతారు, కొందరికి నిజంగానే పొత్తికడుపులోనే నొప్పి తెలుస్తుంది. ఇంట్లోవాళ్లు గ్యాస్ మాత్ర వేసి పడుకోబెడతారు. అందుకే మగపిల్లాడు కడుపు నొప్పి అన్నాడంటే తప్పకుండా అడగండి: "కిందేమైనా నొప్పిగా ఉందా నాన్నా? చూపించు, పర్లేదు." ఒక వృషణం రెండోదానికంటే పైకి లాగినట్టు, అడ్డంగా తిరిగినట్టు, ముట్టుకోనివ్వనంత నొప్పిగా ఉంటే ఇక ఆలోచించకండి. ఇవేవీ కనబడకపోయినా నొప్పి ఒక్కటే చాలు, బయల్దేరండి.

బెంగళూరులో మారతహళ్లిలో ఉండే ఒక కుటుంబం అనుకుందాం. రాత్రి 2:40కి పదమూడేళ్ల అబ్బాయి నొప్పితో లేచాడు. ఒకసారి వాంతి చేసుకున్నాడు. వాళ్ల నాన్న అడిగి చూసి, నొప్పి మొదలైన టైమూ రాత్రి భోజనం చేసిన టైమూ ఫోన్‌లో రాసుకున్నారు. పాలూ మజ్జిగా ఏమీ ఇవ్వలేదు, ఎందుకంటే మత్తిచ్చేటప్పుడు కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. బండి తీసేలోపు అమ్మ ఆస్పత్రికి ఫోన్ చేసి ఒక్కటే అడిగింది: "ఇప్పుడు యూరాలజిస్టుగానీ పిల్లల సర్జన్‌గానీ వస్తారా, ఈ రాత్రే ఆపరేషన్ చేస్తారా?" లేదంటే ఇంకో ఆస్పత్రి. వీధి చివరి నర్సింగ్ హోమ్‌కెళ్తే నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి పొద్దున రమ్మంటే ఆ రాత్రంతా పోయినట్టే. బండి లేకపోతే 108కి ఫోన్ చేయాలి.

3:30కి క్యాజువాల్టీ కౌంటర్ దగ్గర "కడుపు నొప్పి" అనలేదు, "వృషణంలో నొప్పి, 2:40కి మొదలైంది, టార్షన్ ఏమో చూడండి" అన్నారు. వరుసలో కూర్చోబెట్టకుండా లోపలికి పంపేది ఆ మాటే. డాక్టరు తొడ లోపలివైపు వేలితో మెల్లగా గీసి చూశారు. మామూలుగా అలా గీస్తే ఆ పక్క వృషణం పైకి కదులుతుంది, టార్షన్‌లో చాలామందిలో కదలదు. సందేహం ఉంటే డాప్లర్ స్కాన్‌లో రక్తం పారుతోందో లేదో చూస్తారు. కానీ లక్షణాలు స్పష్టంగా ఉంటే స్కాన్ కోసం ఆగకూడదు. స్కాన్ చేసేవాళ్లు ఏడింటికి వస్తారంటే "సర్జన్‌ని ముందు చూడమనండి" అని గట్టిగా అడగండి.

5 గంటలకు ఆపరేషన్ థియేటర్. వృషణాల సంచి దగ్గర చిన్న కోత పెట్టి మెలిక విప్పుతారు. వృషణానికి గోరువెచ్చని తడి గుడ్డ చుట్టి కొద్ది నిమిషాలు ఆగుతారు. నల్లబడింది మళ్లీ ఎర్రబడితే కుట్లేసి కదలకుండా నిలబెడతారు. రెండోవైపు కూడా కుడతారు. వృషణం సంచికి సరిగా అతుక్కోకుండా గంట నాలికలా వేలాడడమే చాలామందిలో దీనికి మూలం, అది రెండువైపులా ఉండవచ్చు. సంతకం పెట్టేటప్పుడు "ఒకవైపు నొప్పికి రెండోవైపు ఎందుకు" అని ఆపకండి. రంగు రాకపోతే తీసేయాల్సి వస్తుంది. రెండోది బాగుంటే మామూలుగా పిల్లలు పుడతారు.

ఇదే కుటుంబం పొద్దున తొమ్మిదింటి క్లినిక్ కోసం ఆగి ఉంటే? తలుపు తీసేసరికే ఆరు గంటలు దాటేవి. ఆ తర్వాత రింగ్ రోడ్డు ట్రాఫిక్.

ఇంట్లో వేడి కాపడం పెట్టకండి, మీరే తిప్పి విప్పాలని చూడకండి. తప్పు వైపు తిప్పితే మెలిక ఇంకా బిగుస్తుంది. ఆలస్యమైందని తెలిసినా వెళ్లండి. మెలిక వదులుగా ఉంటే పన్నెండు గంటల తర్వాత కూడా కొన్ని దక్కుతాయి.

నొప్పి దానంతటదే తగ్గినా నమ్మకండి. మెలిక తాత్కాలికంగా విడిపోయి ఉండవచ్చు, లేదా వృషణం చచ్చుబడి స్పర్శ పోయి ఉండవచ్చు. రెంటికీ తేడా ఇంట్లో తెలియదు. ఆ రోజే చూపించండి. ఇదివరకు ఇలా వచ్చి పోయిన నొప్పులుంటే ఎన్నిసార్లు, ఎంతసేపు, ఏ పక్కన అన్నది డాక్టరుకు చెప్పండి. అలాంటివాళ్లకు మళ్లీ మెలిపడకముందే కుట్లు వేయించవచ్చు.