సంభావ్యత స్వయంబోధిని, 4వ పాఠం: రెండవ బంతిని చూసి మొదటి బంతి సంగతి చెప్పడం

గత పాఠంలో 5 ఎర్ర బంతులు, 3 నీలం బంతులు ఉన్న సంచి నుండి, తీసిన బంతిని తిరిగి వేయకుండా, ఒకదాని తరువాత ఒకటిగా రెండు బంతులు తీశాం. మొదటిది ఎరుపైతే సంచిలో మిగిలే 7 బంతుల్లో 4 ఎర్రవి కాబట్టి, రెండవది కూడా ఎరుపయ్యే నియత సంభావ్యత 4/7 అని చూశాం. ఇప్పుడు ప్రశ్నను తిరగవేద్దాం. మొదటి బంతిని చూడకుండా గుడ్డ కింద ఉంచాం. రెండవ బంతిని చూస్తే ఎరుపు. గుడ్డ కింద ఉన్నది ఎరుపయ్యే సంభావ్యత ఎంత?

మొదటి బంతి తీసేనాటికి రెండవది సంచిలోనే ఉంది కదా, తరువాత జరిగినది ముందు జరిగినదాన్ని ఎలా మారుస్తుందని వాదించి చాలామంది 5/8 అని రాస్తారు. మార్చదన్న మాట నిజమే. అయితే నియత సంభావ్యత ఏది దేనికి కారణమో చెప్పదు. తెలిసిన విషయానికి సరిపడే ఫలితాలను మాత్రమే మిగుల్చుకొని, వాటిలో మనం అడిగినవి ఎన్నో వంతో చెబుతుంది.

లెక్కించి చూద్దాం. బంతులన్నీ వేరువేరని భావిస్తే, వరుసక్రమంతో రెండు బంతులు తీసే విధాలు 8 × 7 = 56. వాటిలో ఎరుపు-ఎరుపు 5 × 4 = 20, ఎరుపు-నీలం 5 × 3 = 15, నీలం-ఎరుపు 3 × 5 = 15, నీలం-నీలం 3 × 2 = 6. రెండవది ఎరుపని తెలియగానే ఎరుపు-నీలం, నీలం-నీలం వరుసలు కొట్టివేయాలి; మిగిలేవి 20 + 15 = 35. మొదటి బంతి ఎరుపు కావడాన్ని A, రెండవది ఎరుపు కావడాన్ని B అంటే,

P(A | B) = 20/35 = 4/7

జవాబు గత పాఠంలోనిదే కావడం యాదృచ్ఛికం కాదు. మనం చూసిన ఎర్ర బంతి గుడ్డ కింద ఉండే అవకాశం లేదు. మిగతా 7 బంతుల్లో ఏదైనా అక్కడ ఉండటానికి సమాన అవకాశం ఉంది, వాటిలో 4 ఎర్రవి.

జాగ్రత్త పడవలసిన చోటు మరొకటి ఉంది. "రెండవది ఎరుపు" అనడానికి బదులు "రెండింటిలో కనీసం ఒకటి ఎరుపు" అని మాత్రమే తెలిస్తే, కొట్టివేయవలసినది నీలం-నీలం వరుస ఒక్కటే. అప్పుడు మిగిలేవి 50, రెండూ ఎరుపయ్యే సంభావ్యత 20/50, అంటే 2/5. ఏ బంతి ఎరుపో చెప్పని షరతు ఎక్కువ వరుసలను మిగులుస్తుంది, అందుకే విలువ తగ్గింది. మీ జవాబు తప్పిందనిపిస్తే సూత్రాన్ని కాక హారాన్ని ముందు చూడండి: షరతును తీర్చే వరుసలన్నీ అందులో చేరాయా, తీర్చనిది ఏదైనా మిగిలిపోయిందా?

అభ్యాసం: రెండు బంతులూ ఒకే రంగువని తెలిసింది. అవి ఎర్రవి అయ్యే సంభావ్యత ఎంత? పై నాలుగు వరుసలతోనే చేయండి. 10/13 వస్తే సరిగా చేసినట్లే. 5వ పాఠంలో ఇదే సంచిలో మూడవ రంగు చేర్చుదాం.