తోతాపురి దిగేలోపు రైతుల జాబితా ఎక్కిస్తున్నారా? సీరియల్ నంబర్లు చెరపకండి

చిత్తూరు వైపు జూన్ వచ్చిందంటే పల్ప్ ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్లు వరుస కడతాయి. ఆలోపే మండలంలో మామిడి రైతుల జాబితాలు కంప్యూటర్లోకి ఎక్కాలి. 2025లో ప్రభుత్వం కిలోకు 4 రూపాయల సాయం ప్రకటించినట్టు మళ్లీ ఏదైనా వస్తే, డబ్బు జాబితాలో పేరున్నవాళ్లకే పడుతుంది. పాత జాబితాలేమో స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. వాటిని, బొమ్మలోని అక్షరాలు చదివే ఓసీఆర్‌లో వేసి ఎక్సెల్‌లోకి తెచ్చేటప్పుడు నాలుగైదు పేర్లు జారిపోతే ఎవరికీ కనపడవు. పేరు తప్పు పడితే చూడగానే తెలుస్తుంది. వరుసకు వరుసే లేకపోతే చూడ్డానికి అక్కడేమీ ఉండదు కదా.

దాన్ని పట్టుకునే తాడు ఒక్కటే, కాగితం మీద ఎడమవైపున్న సీరియల్ నంబరు. అందుకే మొదటి జాగ్రత్త: ఆ నంబరు కాగితం నుంచి చదివిందై ఉండాలి, ఎక్సెల్ పుట్టించింది కాకూడదు. డీటీపీ షాపుల్లో మామూలుగా వినపడే మాట ఇది: "నంబర్లు గజిబిజిగా వచ్చినాయన్నా, 1, 2 కొట్టి కిందికి లాగేస్తే పోలా?" లాగేస్తే అందంగానే ఉంటుంది. ఉన్న వరుసలకు తగ్గట్టు 1 నుంచి ఆఖరి దాకా ఖాళీ లేకుండా వచ్చేస్తుంది, ఏ రైతు పోయాడో చెప్పే ఆధారం మాత్రం అక్కడితో పోయినట్టే. ఆ గజిబిజే మనకు కావలసింది.

పని మొదలెట్టకముందు మూడు పనులు చేసుకోండి. సీరియల్ కాలమ్‌ను, సర్వే నంబర్ల కాలమ్‌ను టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టి ఆ తర్వాతే ఉత్త టెక్స్ట్‌గా పేస్ట్ చేయండి. లేకపోతే 12-3 అనే సర్వే నంబరు తారీఖుగా మారి కూర్చుంటుంది. పక్కన పేజీ నంబరుకు ఒక కాలమ్ పెట్టుకోండి. ఇక ఆఖరి సీరియల్ ఎంతో కాగితం చూసి వేరే చోట రాసుకోండి. చివరి పేజీ స్కాన్‌లోనే రాకపోతే షీటులోని పెద్ద నంబరు చూసి మోసపోతాం, ఎందుకంటే తోక తెగితే మధ్యలో ఖాళీ కనపడదు. తనిఖీ పూర్తయ్యేదాకా పేర్ల వారీగా సార్ట్ చేయడం కూడా వద్దు.

ఒక ఉదాహరణ అనుకుందాం. 24 పేజీల జాబితా, పేజీకి 32 వరుసలు, చివరి పేజీలో 21. ఆఖరి సీరియల్ 758. ఓసీఆర్ అయ్యాక షీటులో 755 వరుసలున్నాయి. మూడే కదా పోయింది అనిపిస్తుంది. ఆ లెక్క నమ్మకండి.

సీరియల్ A కాలమ్‌లో ఉందనుకుంటే, ఒక ఖాళీ కాలమ్, మాటకు H, తీసుకుని దాన్ని అంకెగా మార్చండి:

```
=IFERROR(VALUE(A2),"")
```

ఇప్పుడు J2లో 1, J3లో 2 కొట్టి 758 దాకా కిందికి లాగండి. నంబర్లు లాగడం ఇక్కడ మాత్రమే పనికొస్తుంది. దాని పక్కన K లో:

```
=COUNTIF(H$2:H$800,J2)
```

అన్నీ 1 వస్తే ఏ నంబరూ జారలేదు. 0 వస్తే ఆ నంబరు లేదు, 2 వస్తే రెండుసార్లు పడింది. మన జాబితాలో 0 వచ్చినవి: 64, 160, 352, 414, 517, 518, 601. 2 వచ్చింది 474 ఒక్కటే. వీటిని ఒకే గాటన కట్టకూడదు, ఒక్కోదాని కథ ఒక్కోటి.

64, 160, 352 మూడూ 32తో భాగించబడతాయి. అంటే పేజీలో ఆఖరి వరుసలు. స్కాన్ తెరిచి చూస్తే అడుగున ఆఫీసు ముద్ర పడి ఉంటుంది, లేదా అంచు తెగి ఉంటుంది. ఇవి నిజంగా పోయిన వరుసలు, కాగితం చూసి చేత్తో ఎక్కించాలి. ఇలా ఒక తీరు కనపడితే మిగతా పేజీల అడుగు వరుసలు కూడా ఒకసారి చూడండి. వచ్చినవి కూడా సగం అక్షరాలతోనే వచ్చి ఉంటాయి.

414 అలా కాదు. ఆ చోట షీటులో 413, 474, 415 అని ఉంది. వరుస పోలేదు, 1ని ఓసీఆర్ 7గా చదివింది. నిజంగా పోయి ఉంటే 413 తర్వాత నేరుగా 415 వచ్చేది, తేడా 2 ఒక్కటే కనిపించేది. తప్పు చదివినప్పుడు ఒక్కసారిగా 61 ఎగిరి, వెంటనే 59 వెనక్కి పడుతుంది. ఎక్కడో ఒక 0, ఇంకెక్కడో ఒక 2 కలిసి వస్తే ముందు ఈ అనుమానమే పడాలి. కొత్త వరుస ఎక్కించారో, ఆ రైతు రెండుసార్లు పడతాడు.

517, 518 రెండూ 0 అయినా పోయింది ఒక్క వరుసే. ఒకే గడిలో "517 518" అని, పక్క గడిలో ఇద్దరి పేర్లూ అతుక్కుని ఉన్నాయి. ఆ గీత స్కాన్‌లో మసకబారింది. విడదీస్తే సరి. దీనికి తిరగబడ్డ కేసూ ఉంది: తండ్రి పేరు పొడవై రెండో గీతలోకి జారితే, ఆ ముక్క సీరియల్ లేని వరుసగా దిగుతుంది. A లో ఏమీ లేక, H లో ఖాళీయో 0నో ఉన్నచోట ఇదే జరిగి ఉంటుంది. మన షీటులో అలాంటివి రెండు.

మిగిలింది 601. కాగితంలోనే 600 తర్వాత 602 ఉంది, టైపు చేసినవాళ్లే దాటేశారు. దాన్ని పూరించకండి. రిమార్క్ కాలమ్‌లో "అసలులోనే లేదు" అని రాసి వదిలేయండి. లేకపోతే రేపు ఇంకొకరు ఆ ఖాళీ చూసి మళ్లీ వెతుకుతారు.

ఇప్పుడు లెక్క చూడండి. కాగితం మీద ఉన్నవి 757. పోయినవి పేజీ అడుగున మూడు, అతుక్కున్నది ఒకటి, మొత్తం నాలుగు. మిగిలిన 753కి తెగిన ముక్కలు రెండు కలిసి 755 అయింది. ఉత్త వరుసల లెక్క నమ్మొద్దన్నది ఇందుకే.

H లో 46 వేల చిల్లర లాంటి అంకె కనపడితే కంగారు పడొద్దు. తర్వాత చేర్చిన రైతుకు 12/1 అని రాసి ఉంటారు, ఎక్సెల్ దాన్ని తారీఖు అనుకుంటుంది. A లో అసలు అలాగే ఉంది కాబట్టి నష్టం లేదు. గ్రామం మారగానే నంబరు మళ్లీ 1 నుంచి మొదలయ్యే జాబితాలో మాత్రం ఒక్కో గ్రామానికి ఈ తనిఖీ విడిగా చేయాలి, లేకపోతే ఒక ఊరి 64 లేనిదాన్ని ఇంకో ఊరి 64 కప్పేస్తుంది.

ఇంత చేసినా ఈ పద్ధతికి కనపడని తప్పు ఒకటుంది. ఓసీఆర్ కొన్నిసార్లు నంబర్ల కాలమ్‌ను, పేర్ల కాలమ్‌ను విడివిడిగా చదువుతుంది. మధ్యలో ఒక పేరు జారితే కింది పేర్లన్నీ ఒక మెట్టు పైకి ఎక్కుతాయి. సీరియల్ చక్కగా ఉంటుంది, రైతులు మాత్రం పక్కవాడి నంబరులో ఉంటారు. ఓసీఆర్ ఏ పేజీకి ఆ పేజీ చదువుతుంది కాబట్టి ఈ జరుగుడు పేజీ చివర తేలుతుంది. ప్రతి పేజీలో ఆఖరి వరుస సీరియల్‌నూ పేరునూ కాగితంతో పోల్చండి. 24 పేజీలకు 24 చూపులు. ఎక్కడ కుదరలేదో ఆ పేజీ ఒక్కటే మొదటి నుంచి చదవాలి.