ఫలితాల ముందు షేరు ఎంత కదలవచ్చు? ఐవీ, ఓపెన్ ఇంటరెస్ట్‌లతో అంచనా వేయడం ఎలా

త్రైమాసిక ఫలితాలు దగ్గర పడినప్పుడు ఆప్షన్ చైన్ తెరిచి, ప్రస్తుత ధరకు దగ్గరి స్ట్రైక్‌లో కాల్ ప్రీమియం, పుట్ ప్రీమియం కూడి, అంత మేర షేరు కదులుతుందని చెప్పడం చాలామందికి అలవాటు. ఆ లెక్క తప్పు కాదు గానీ, ఫలితాల రోజు కదలికతో పాటు ఎక్స్‌పైరీ వరకు మిగిలిన మామూలు రోజుల కదలిక కూడా అందులో కలిసిపోయి ఉంటుంది. ఆ రెంటినీ విడదీసి ఫలితాల వాటా ఎంతో తేల్చడం, ఆ పరిధి ఏ వైపు మొగ్గుతోందో ఓపెన్ ఇంటరెస్ట్‌లో చూడడం ఎలాగో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం.

షేరు ధర 1000 అనుకుందాం. దగ్గరి ఎక్స్‌పైరీకి 8 ట్రేడింగ్ రోజులు, దాని తర్వాతి ఎక్స్‌పైరీకి 28 ట్రేడింగ్ రోజులు ఉన్నాయి. ఫలితాల ప్రభావం పడే రోజు ఆ 8 రోజుల్లో ఒకటి.

ముందుగా తేదీ, ధరలు సరిచూసుకోవాలి

ఫలితాలు మార్కెట్ ముగిశాక వెలువడితే వాటి ప్రభావం మర్నాడు ఉదయం ధరలో కనిపిస్తుంది. ఎక్స్‌పైరీ రోజు సాయంత్రమే ఫలితాలు వస్తే, ఆ ఎక్స్‌పైరీ ఆప్షన్లలో ఆ కదలిక అసలు ఉండదు. కనుక ప్రకటన వెలువడే తేదీని కాకుండా, దాని తర్వాత మొదటి ట్రేడింగ్ ఏ రోజు జరుగుతుందో ఆ రోజును లెక్కలోకి తీసుకోవాలి. కంపెనీ తేదీని ఇంకా ఖరారు చేయకపోతే, ఇక్కడి నుంచి చేసే లెక్కలేవీ నమ్మదగినవి కావు.

ప్రీమియం విషయంలో చివరిగా ట్రేడ్ అయిన ధరను నమ్మకూడదు. ఉదాహరణకు 1000 పుట్ చివరి ట్రేడ్ 38 అని తెరపై కనిపిస్తున్నా, అది నిన్నటి మధ్యాహ్నం జరిగినది కావచ్చు. ఇప్పుడు బిడ్ 30, ఆస్క్ 32 అయితే మనకు కావలసిన ధర వాటి నడిమి విలువ 31. అదే విధంగా 1000 కాల్ 34 అనుకుందాం. రెండూ కలిపితే స్ట్రాడిల్ ధర 65, అంటే షేరు ధరలో 6.5 శాతం. దూరపు స్ట్రైక్‌లలో బిడ్, ఆస్క్‌ల మధ్య ఎడం ఎక్కువగా ఉంటుంది కాబట్టి, అక్కడ తెర చూపే ఐవీకి, అంటే ఆప్షన్ ధరలో ఇమిడి ఉన్న కదలిక అంచనా అయిన ఇంప్లైడ్ వోలటిలిటీకి కూడా అంతే అనుమానంతో విలువ ఇవ్వాలి.

ఐవీలోంచి ఫలితాల వాటాను విడదీయాలి

ఇంప్లైడ్ వోలటిలిటీని ఏడాది లెక్కన చెబుతారు. ఏడాదికి సుమారు 252 ట్రేడింగ్ రోజులు. దాని వర్గమూలం దాదాపు 16. అందువల్ల ఐవీని 16తో భాగిస్తే ఒక రోజు ప్రామాణిక విచలనం శాతంలో వస్తుంది. ఈ విచలనాలను నేరుగా కూడలేం. వాటి వర్గాలను మాత్రమే కూడగలం, తీసివేయగలం. మొత్తం కిటుకంతా ఈ ఒక్క నియమంలోనే ఉంది.

దగ్గరి ఎక్స్‌పైరీ ఐవీ 46, తర్వాతి ఎక్స్‌పైరీ ఐవీ 34 అనుకుందాం. రెండింటిలోనూ ఫలితాల రోజు ఉంది. తేడా అల్లా మొదటి ఎక్స్‌పైరీ తర్వాత వచ్చే 20 మామూలు రోజులే.

```
దగ్గరి ఎక్స్‌పైరీ : (46/16)² × 8  = 66.1
తర్వాతి ఎక్స్‌పైరీ: (34/16)² × 28 = 126.4
ఒక మామూలు రోజు   : (126.4 − 66.1) / 20 = 3.02
ఫలితాల రోజు      : 66.1 − (7 × 3.02) = 45.0
వర్గమూలం         : √45.0 ≈ 6.7 శాతం
```

మామూలు రోజుకు వచ్చిన 3.02కు వర్గమూలం 1.74, దాన్ని 16తో గుణిస్తే దాదాపు 28. ఫలితాలు అనే సంగతే లేకపోతే ఈ షేరు ఐవీ 28 దగ్గర ఉండేదని అర్థం. ఫలితాల రోజు ప్రామాణిక విచలనం 6.7 శాతం కనుక, ఒక విచలనం పరిధి 933 నుంచి 1067 వరకు ఉంటుంది. సాధారణ విభాజనం ప్రకారమైతే మూడింట రెండు సార్లు ధర ఈ పరిధిలో ఉండాలి. నిజానికి ఫలితాల రోజు కదలికలు ఆ విభాజనాన్ని అంత బుద్ధిగా అనుసరించవు: చిన్న కదలికలు తరచుగా, మరీ పెద్దవి అప్పుడప్పుడు వస్తుంటాయి. అందుకే 933ను అంతకంటే కిందికి దిగని నేలగా భావించరాదు.

ఇక్కడ చాలామంది తడబడే చోటు మరొకటి ఉంది. 6.7 అనేది ప్రామాణిక విచలనం మాత్రమే, సగటు కదలిక కాదు. దిశతో నిమిత్తం లేకుండా సగటున ఎంత కదులుతుందో తెలియాలంటే దాన్ని 0.8తో గుణించాలి. అప్పుడు 5.4 శాతం వస్తుంది. పాత ఫలితాల కదలికలతో పోల్చవలసింది ఈ 5.4నే. గత ఎనిమిది త్రైమాసికాల్లో ఈ షేరు ఫలితాల తర్వాత 3.1, 7.4, 2.0, 5.8, 9.6, 4.2, 1.5, 6.0 శాతం కదిలిందనుకుంటే, సగటు 4.95. మార్కెట్ ఈసారి దానికంటే కాస్త ఎక్కువే అడుగుతోంది గానీ, విడ్డూరమనిపించేంత ఎక్కువ కాదు. అదే 6.7తోనో, స్ట్రాడిల్ 6.5తోనో పోల్చి ఉంటే ఆప్షన్లు విపరీతంగా ఖరీదయ్యాయనే తప్పుడు నిర్ణయానికి వచ్చేవాళ్లం. నేను కూడా చాలాకాలం ఆ పొరపాటే చేశాను.

ఐవీ పెరుగుతోందని కంగారు పడకూడదు

ఫలితాలకు ముందు రోజుల్లో దగ్గరి ఎక్స్‌పైరీ ఐవీ రోజురోజుకూ పెరుగుతుంది. ఎవరో ముందే సమాచారం తెలిసి కొంటున్నారని దీన్ని చదివేవారు ఉన్నారు. పై ఉదాహరణలో కొత్తగా ఏమీ జరగకుండా నాలుగు రోజులు గడిచాయనుకుందాం. ఇప్పుడు మిగిలినవి 4 రోజులు: ఒకటి ఫలితాల రోజు, మూడు మామూలువి. మొత్తం 45 + 3 × 3.02, అంటే దాదాపు 54. దాన్ని 4తో భాగించి, వర్గమూలం తీసి, 16తో గుణిస్తే 59 వస్తుంది. ఐవీ 46 నుంచి 59కి ఎగబాకింది, అయినా ఫలితాల రోజు అంచనా అదే 6.7 శాతం. స్ట్రాడిల్ ధర చూస్తే 65 నుంచి 59కి తగ్గింది కూడా. మామూలు రోజులు రాలిపోయే కొద్దీ మిగిలిన సగటులో ఫలితాల రోజు బరువు పెరగడమే దీనికి కారణం. కనుక ప్రతిరోజూ పై లెక్కను మళ్లీ చేసి, 45 అనే అంకె మారిందా లేదా అన్నది చూడాలి. అది మారితేనే మార్కెట్ అభిప్రాయం మారినట్టు.

ఓపెన్ ఇంటరెస్ట్‌ను పరిధికి హద్దుగా కాకుండా మొగ్గుగా చదవాలి

ఓపెన్ ఇంటరెస్ట్ అంటే ఇంకా ముగించకుండా నిలిచి ఉన్న కాంట్రాక్టుల సంఖ్య. ప్రతి కాంట్రాక్టుకూ కొన్నవారు ఒకరు, అమ్మినవారు ఒకరు ఉంటారు. అందువల్ల 1100 కాల్‌లో 18,000 కాంట్రాక్టులు ఉన్నాయన్న ఒక్క సమాచారంతో అక్కడ గోడ ఉందని చెప్పలేం. ఎవరు తొందరపడి వచ్చారో తెలియాలంటే ఓపెన్ ఇంటరెస్ట్ మార్పును, అదే స్ట్రైక్ ఐవీ పొరుగు స్ట్రైక్‌లతో పోలిస్తే ఎటు కదిలిందన్న దానిని కలిపి చూడాలి. ఓపెన్ ఇంటరెస్ట్ పెరుగుతూ, ఆ స్ట్రైక్ ఐవీ పొరుగువాటికంటే తగ్గితే అమ్మేవారి ఒత్తిడి. పెరుగుతూ ఐవీ కూడా పొరుగువాటికంటే ఎక్కువైతే కొనేవారి ఒత్తిడి. పైన చెప్పినట్టు ఐవీ అంతటా దానంతట అదే పెరుగుతుంది కాబట్టి, పోలిక ఎప్పుడూ పొరుగు స్ట్రైక్‌లతోనే ఉండాలి.

మన ఉదాహరణలో 1100 కాల్ ఓపెన్ ఇంటరెస్ట్ 18,000. గత ఐదు రోజుల్లో 7,500 చేరాయి. 1080, 1120 స్ట్రైక్‌ల ఐవీ 46 ఉండగా దీని ఐవీ 43. అక్కడ కాల్ అమ్మేవారు ఎక్కువగా ఉన్నారు. షేర్లు చేతిలో ఉంచుకుని వాటిపై కాల్ అమ్మి ప్రీమియం తీసుకునేవారు కావచ్చు. 900 పుట్‌లో 14,000 ఉన్నా ఐదు రోజుల్లో చేరినవి 400 మాత్రమే. అది పాత నిల్వ, ఈ ఫలితాల గురించి చెప్పేది తక్కువ. నా దృష్టి నిలిచేది 940 పుట్ మీద: మొత్తం 6,000లో 5,200 గత రెండు రోజుల్లోనే వచ్చాయి, 1000 స్ట్రైక్ ఐవీ ఒక్క పాయింటు పెరిగితే దీనిది 49 నుంచి 52కి పెరిగింది. అక్కడ ఎవరో రక్షణ కోసమో, పందెంగానో డబ్బు ఎక్కువ ఇచ్చి మరీ కొంటున్నారు. ఇవన్నీ కలిపితే 933, 1067 అనే అంకెలను మార్చను గానీ, పై హద్దు దాటే అవకాశాన్ని కాస్త తక్కువగానూ, కింది హద్దు దాటే అవకాశాన్ని కాస్త ఎక్కువగానూ భావిస్తాను.

ఇందులో మోసపోయే దారులు లేకపోలేదు. 940, 900 పుట్‌లలో ఒకే రోజు ఒకే సంఖ్యలో కాంట్రాక్టులు చేరితే అది బహుశా ఒకటి కొని మరొకటి అమ్మిన స్ప్రెడ్. రెంటినీ విడివిడిగా చదివితే తప్పు దారి పడతాం. ఓపెన్ ఇంటరెస్ట్ కొన్ని మార్కెట్లలో రోజుకు ఒక్కసారే నవీకరించబడుతుంది కాబట్టి, అక్కడ ఉదయం చూసే అంకె నిన్నటిది. ఎక్కువ ఓపెన్ ఇంటరెస్ట్ ఉన్న స్ట్రైక్ దగ్గరకు ధర లాగబడుతుందనే వాదన ఫలితాల వారంలో నాకు పనికిరాలేదు. గ్యాప్‌తో ఆ స్ట్రైక్‌ను దాటేస్తే, అమ్మినవారు తమను కాపాడుకోవడానికి అదే దిశలో షేర్లు కొనడమో అమ్మడమో చేయవలసి రావచ్చు, దాంతో కదలిక మరింత పెద్దదవుతుంది.

మర్నాడు ఉదయం సరిచూసుకోవాలి

ఫలితాలకు ముందు ఎవరైనా 1050 కాల్‌ను సుమారు 14కు కొన్నారనుకుందాం. మర్నాడు షేరు 3 శాతం పెరిగి 1030 దగ్గర తెరుచుకుంది, ఐవీ 46 నుంచి 28కి జారింది, మిగిలినవి 7 రోజులు. ఆ కాల్ విలువ ఇప్పుడు దాదాపు 11. దిశ సరిగ్గా ఊహించినా నష్టమే, ఎందుకంటే మార్కెట్ సగటున 5.4 శాతానికి ధర వసూలు చేసింది, వచ్చింది 3 శాతం.

ఐవీ ఎంతకు దిగిందో కూడా చూడాలి. మన లెక్క ప్రకారం అది 28 దగ్గరకు రావాలి. ఫలితాలు వచ్చాక కూడా 38 దగ్గరే నిలిచిపోతే, ముందుగా మామూలు రోజుల ఐవీని తక్కువగా కట్టి ఉండాలి, లేదా రాబోయే రోజుల్లో మరో వార్త ఉందని మార్కెట్ భావిస్తూ ఉండాలి. మొదటిదైతే వచ్చే త్రైమాసికంలో పాత 28ని పక్కనపెట్టాలి. రెండోదైతే ఆ వార్త ఏ ఎక్స్‌పైరీలో పడుతుందో చూసి లెక్కను మళ్లీ మొదటి నుంచి చేయాలి.