రోడ్డు పక్క ఇంట్లో దుమ్ము: కిటికీ ఎప్పుడు తెరవాలి, ప్యూరిఫైయర్ ఎంతది కొనాలి?

నల్లగొండలోనో మిర్యాలగూడలోనో లారీలు తిరిగే రోడ్డు మీద ఇల్లుంటే, పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. ఆ దుమ్ము కోసమే గాలి శుభ్రం చేసే ప్యూరిఫైయర్ కొంటే నిరాశ తప్పదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 10 మైక్రాన్ల రేణువు కదలని గాలిలో మీటరు ఎత్తు నుంచి ఐదారు నిమిషాల్లో కింద పడుతుంది, మిషన్ దాకా రాదు. 2.5 మైక్రాన్లదైతే గంటకు పైగా తేలుతుంది. ఊపిరితిత్తుల లోతుకు పోయేది ఇదే, ప్యూరిఫైయర్ బాగా పట్టేదీ ఇదే. బల్ల మీది దుమ్ముకు తడిబట్టే మందు.

1. ముందు సందులు మూయండి. ఫ్యాన్ ఆపి, వెలిగించిన ఊదుబత్తిని కిటికీ అంచుల వెంట, తలుపు కింద నెమ్మదిగా తిప్పండి. పొగ వంగిన చోటే గాలి వస్తోంది. అక్కడ స్పాంజి పట్టీ అంటించండి. దీనికి అయ్యే ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

2. కిటికీకి వేళ పెట్టండి. చలికాలం తెల్లవారుజామున పొగ, దుమ్ము నేలకు దగ్గరగా నిలిచిపోతాయి. ఎండ ఎక్కాక, పదకొండు దాటాక తెరవండి. ఎండాకాలం సుడిగాలి లేచే మధ్యాహ్నాలు వదిలేసి పొద్దున్నే తెరవండి. ఏ కాలమైనా రోడ్డు వైపుది కాదు, వెనుక గల్లీ వైపు కిటికీ. వంటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయాల్సిందే. తాలింపు నూనె ఆవిరి ప్యూరిఫైయర్‌లోకి పోతే ఫిల్టర్ జిగురెక్కుతుంది.

3. ఒక్క గదికి లెక్క చూసి కొనండి. పడకగది 10×12 అడుగులు, ఎత్తు 10 అడుగులు అనుకుందాం. అంటే 1200 ఘనపు అడుగులు, దాదాపు 34 ఘనపు మీటర్లు. గంటకు ఐదుసార్లు గాలి శుభ్రం కావాలంటే డబ్బా మీద సీఏడీఆర్, అంటే మిషన్ ఇచ్చే శుభ్రమైన గాలి, గంటకు 170 ఘనపు మీటర్లు ఉండాలి. ఆ అంకె ఎక్కువ వేగంలోది. రాత్రి తక్కువ వేగంలో నడుపుతారు కనుక 250 చూసుకోండి. గంటకు ఐదుసార్లు తిరిగితే, కిటికీలు మూశాక అరగంటలో సన్నని దుమ్ము పదో వంతుకు దిగుతుంది.

సన్నని రేణువులను పట్టే ఫిల్టర్‌నే హెపా అంటారు. దాని గ్రేడుల్లో హెచ్13 అత్యంత సన్నని రేణువుల్లోనూ 99.95 శాతం పడుతుంది, హెచ్11 95 శాతం. గదిలో అదే గాలి మళ్లీ మళ్లీ తిరుగుతుంది కాబట్టి ఈ తేడా చిన్నదే. గాలి తక్కువ లాగే హెచ్13 కన్నా ఎక్కువ లాగే హెచ్11 నయం. గ్రేడు రాయకుండా 'హెపా టైప్' అని మాత్రమే ఉంటే వద్దు.

4. సరిగా నడపండి. మొదటిసారి ఫిల్టర్ మీది ప్లాస్టిక్ కవరు తీయడం చాలామంది మరిచిపోతారు. గోడకు అడుగు దూరం ఉంచండి. పైన ఉండే జాలీని పదిహేను రోజులకోసారి దులపండి. హెపాను మాత్రం కడగొద్దు, తడిస్తే పట్టే గుణం పోతుంది.

కిటికీకి పెట్టిన డెజర్ట్ కూలర్ నడుస్తుంటే ప్యూరిఫైయర్ ఆపేయండి. కూలర్ గంటకు వెయ్యి ఘనపు మీటర్లకు పైనే బయటి గాలి లోపలికి తోస్తుంది, దాని ముందు 250 నిలవదు.

పొద్దున తల బరువుగా, గది ఉక్కగా ఉంటే ఫిల్టర్‌ను అనుమానించకండి. మూసిన గదిలో ఇద్దరు పడుకుంటే కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, దాన్ని ఏ హెపా తీయదు. హాలు వైపు తలుపు నాలుగు వేళ్లు తెరిచి, మిషన్ వేగం ఒక మెట్టు పెంచండి.