వేసవి ప్రయాణానికి కంపెనీ లెటర్: ఫిబ్రవరిలోనే అడగండి

శ్రీసిటీలోనో, రేణిగుంట చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లోనో పనిచేస్తూ, మే నెలలో జర్మనీలో ఉన్న అన్నయ్య దగ్గరికో అక్క దగ్గరికో వెళ్లాలనుకునేవాళ్లు టికెట్ కన్నా ముందు, ఉద్యోగం, జీతం, సెలవు రుజువుగా వీసాకి పెట్టే కంపెనీ లెటర్ సంగతి చూసుకోవాలి. జర్మనీ వెళ్లడానికి కావాల్సిన షెంజెన్ వీసా నిర్ణయం మామూలుగా 15 రోజుల్లో వస్తుంది, ఒక్కోసారి 45 రోజుల దాకా పడుతుంది. మే 20న బయల్దేరాలంటే ఏప్రిల్ 5 లోపే కాగితాలు ఇచ్చేయడం మంచిది. అంటే లెటర్ మార్చి మూడో వారానికల్లా చేతిలో ఉండాలి. మార్చి లెక్కలు ముగించే నెల, సంతకం పెట్టాల్సినవాళ్లు దొరకడమే కష్టం. అందుకే ఫిబ్రవరి చివర్లో హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి. లెటర్ మీద తేదీ మాత్రం మార్చిదే ఉండాలి, మరీ పాతదైతే మళ్లీ తెమ్మనవచ్చు.

లెటర్ ఎవరివ్వాలో ముందు తేల్చుకోండి. మనం రోజూ వెళ్లే ఫ్యాక్టరీ ఒకటి, జీతం వేసే కాంట్రాక్టు కంపెనీ ఇంకొకటి అయితే, శాలరీ స్లిప్ మీద ఎవరి పేరుంటే వాళ్లే ఇవ్వాలి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జీతం పడిన చోట కూడా ఆ పేరే కనిపించాలి.

పేరు దగ్గర మనవాళ్లకి తిప్పలు ఎక్కువ. ఆఫీసు రికార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. మెయిల్‌తో పాటు పాస్‌పోర్టు మొదటి పేజీ పంపి, పేరూ నంబరూ అందులో ఉన్నట్టే టైప్ చేయమనండి.

జీతం అంకె ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఏడాదికి 6 లక్షల సీటీసీ అనుకుందాం. నెలకు 50,000. అందులో కంపెనీ వాటా పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ సుమారు 1,200 తీసేస్తే స్లిప్‌లో గ్రాస్ 47,000 ఉంటుంది. మన పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోగా ఖాతాలో పడేది 45,000. లెటర్‌లో ఉత్త 50,000 అని రాస్తే చూసేవాళ్లకి 5,000 తేడా కనిపిస్తుంది, దానికి సమాధానం చెప్పడానికి మనం అక్కడ ఉండం. గ్రాస్ ఎంత, చేతికి వచ్చేది ఎంత అని రెండూ విడిగా రాయించండి. బ్యాంకు లోనుకి కూడా ఇదే పద్ధతి, అక్కడ ఈఎంఐ లెక్క చేతికొచ్చే డబ్బు మీదే చూస్తారు.

వీసా లెటర్‌లో సెలవు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు మంజూరైందో, తిరిగి డ్యూటీలో ఎప్పుడు చేరతారో ఉండాలి. "సెలవు అడిగారు" అని రాస్తే చాలదు, "మంజూరు చేశాం" అని ఉండాలి. ఆ తేదీల్లోనే ప్రయాణం రానూపోనూ ఇమడాలి.

సంతకం కింద పేరు, హోదా, ఆఫీసు మెయిల్, ఫోన్ నంబరు ఉన్నాయో లేదో చూసుకోండి. వెరిఫికేషన్ కాల్ వస్తే గేటు దగ్గర సెక్యూరిటీ ఎత్తే నంబరు కాకుండా, మీ వివరాలు చెప్పగల హెచ్‌ఆర్ నంబరే అక్కడ వేయమనండి.