తెల్ల ఖాదీ పంచెను ఫోన్‌లో వీడియో తీయడం ఎలా?

శ్రీకాకుళంలోని మా బట్టల షాపులో సేల్స్ చూసే నలుగురికి, ఇకపై వీడియోలు వాళ్లే తీయాలని అనుకున్న రోజు, మార్కెటింగ్ చూసే మనిషిగా నేను ముందుగా చెప్పిన మాటలివి.

పోయిన నెల పెట్టిన పొందూరు పంచె వీడియో గుర్తుందా? అది చూసి ఒకాయన ఫోన్ చేసి, "బూడిద రంగేనా, తెలుపు లేదా?" అని అడిగారు. పంచె తెల్లదే, తప్పు మనం తీసిన తీరులో ఉంది. ఫ్రేమంతా తెలుపు నిండితే, వెలుగు ఎక్కువైందనుకుని ఫోన్ తనంతట తనే చీకటి చేస్తుంది. వెనక నల్ల బల్ల ఉంటే దీనికి రివర్స్‌లో ఫోన్ వెలుగు పెంచేస్తుంది, తెలుపు వెలిగిపోయి నేత మాయమవుతుంది. ముందు ఈ ఒక్కటీ సరిచేద్దాం.

మొదట లెన్స్‌ని మెత్తటి గుడ్డతో తుడవండి. ఫోన్ జేబులో ఉంటుంది కదా, వేలి జిడ్డు పట్టి తెలుపంతా పొగలా కనిపిస్తుంది. తర్వాత పంచెను గుమ్మం దగ్గరకు తెచ్చి, వెలుగు పక్క నుంచి పడేలా పట్టుకోండి. ఎదురుగా పడే వెలుగులో గుడ్డ కాగితంలా చదునుగా ఉంటుంది. పక్క వెలుగులో ఒక్కో పోగుకీ చిన్న నీడ పడి, నేత తెలుస్తుంది. నేరుగా ఎండ మాత్రం వద్దు. ట్యూబ్‌లైట్లు ఆపేయండి. పగటి వెలుగుతో కలిస్తే గుడ్డ ఒకపక్క ఒక రంగు, ఇంకోపక్క ఇంకో రంగు వస్తుంది.

ఇప్పుడు తెర మీద పంచె ఉన్నచోట వేలు పెట్టి అలాగే నొక్కి ఉంచండి. ఐఫోన్‌లో AE/AF LOCK అని వస్తుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తాళం గుర్తు కనబడుతుంది. పక్కనే ఉన్న సూర్యుడి గుర్తును కొద్దికొద్దిగా పైకి జరపండి. తెలుపు తెలుపులా కనిపిస్తూ, పోగులు ఇంకా విడివిడిగా తెలుస్తున్నప్పుడు ఆపేయాలి. పోగులు కలిసిపోతే ఎక్కువైనట్టే, కాస్త దించండి.

ఫోన్ నిలువుగా పట్టుకుని మూడు షాట్లు తీద్దాం. మొదటిది, పంచె వెనక అరచెయ్యి పెట్టి చూపించడం. వేళ్లు లీలగా కనబడితే చాలు, నూలు ఎంత సన్నమో మాటలతో చెప్పక్కర్లేదు. రెండోది అంచు. జూమ్ చేయకుండా ఫోన్‌నే దగ్గరకు తీసుకెళ్లండి, మసకైతే జానెడు వెనక్కి రండి. మూడోదాంట్లో మీరు మాట్లాడాలి. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారని ఒక్క మాట చెప్పండి, అది నిజం, వినేవాళ్లు ఆగి వింటారు. అప్పుడు ఫ్యాన్ ఆపి, ఫోన్ రెండు మూరల కంటే దూరం పోనివ్వకండి. దూరమైతే మీ గొంతు కంటే రోడ్డు మీద ఆటో హారనే గట్టిగా వినిపిస్తుంది.

తీశాక వాట్సాప్‌లో మామూలు వీడియోగా కాకుండా Document గా నాకు పంపండి, లేకపోతే సైజు తగ్గి పోగులు అలుక్కుపోతాయి. నేను అసలు పంచెను ఫోన్ పక్కన పెట్టి రంగు చూస్తాను. రెండూ ఒకేలా లేకపోతే మళ్లీ తీద్దాం. షాపు షట్టర్ పూర్తిగా ఎత్తండి, ఆ పై అరలోని పంచె తీసుకురండి.