బీఎంఐ తేడాగా వస్తోందా? ముందు యూనిట్లు చూడండి

కిలోల బరువును మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగించాలని అందరికీ తెలుసు. అయినా పక్కన ఏ యూనిట్ ఉందో చూడకుండా అంకెలు కొట్టేస్తారు. 70 కిలోలు, 170 సెంటీమీటర్లు ఉన్న మనిషికి 24.2 రావాలి. రాకపోతే, వచ్చిన అంకే తప్పు ఎక్కడుందో చెబుతుంది.

0.0024 వస్తే: ఎత్తు సెంటీమీటర్లలోనే ఉండిపోయింది. ముందు 100తో భాగించి, 1.70 చేసుకుని, ఆ తర్వాత వర్గం చేయండి.

41 వస్తే: వర్గం చేయడం మరిచారు.

53 వస్తే: 154 పౌండ్లను కిలోలనుకున్నారు. 2.2046తో భాగించండి.

4 కంటే తక్కువ వస్తే: 11 స్టోన్లను కిలోలుగా వేశారు. స్టోన్ అంటే 14 పౌండ్లు, అంటే 6.35 కిలోలు.

ఇవన్నీ చూడగానే దొరికిపోతాయి. అసలు ముంచేది వేరే ఉంది.

జవాబు నమ్మేలానే ఉంది, కానీ తప్పు

కారణం దశాంశ చుక్క. 5 అడుగుల 10 అంగుళాలను చాలామంది 5.10 అని రాస్తారు. మనిషి దాన్ని సరిగ్గానే చదువుకుంటాడు, కాలిక్యులేటర్ మాత్రం 5.1 అడుగులు అనుకుంటుంది. అసలు ఎత్తు 177.8 సెంటీమీటర్లు, అది లెక్కలోకి తీసుకునేది 155.4. 70 కిలోల మనిషికి 22.1 రావాల్సింది 29.0 వస్తుంది. సాధారణ బరువున్నవాడు అధిక బరువు జాబితాలో చేరిపోతాడు, 29 ఎవరికైనా ఉండగల అంకె కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఒకటి నుంచి తొమ్మిది అంగుళాల వరకు తప్పు ఎదురు దిశలో ఉంటుంది: 5.6 అని కొడితే ఎత్తు 3 సెంటీమీటర్లు పెరిగి, బీఎంఐ కాస్త తగ్గుతుంది. స్టోన్లలోనూ ఇదే తంతు. 11 స్టోన్ల 12 పౌండ్లు అంటే 75.3 కిలోలు, 11.12 అని కొడితే 70.6 అవుతుంది.

పరిష్కారం ఒక్కటే, అడుగులకూ అంగుళాలకూ వేర్వేరు గడులు పెట్టండి. A2లో కిలోలు, B2లో అడుగులు, C2లో అంగుళాలు ఉంటే:

```
=A2/((B2*12+C2)*0.0254)^2
```

ఇప్పటికే ఒకే గడిలో నింపిన పాత షీటును సూత్రంతో బాగుచేయాలని చూడకండి. స్ప్రెడ్‌షీట్ 5.10 చివరి సున్నాను తీసేసి 5.1గా ఉంచుతుంది, అది 5 అడుగుల 1 అంగుళమో, 10 అంగుళాలో ఇక చెప్పలేం. 5.1 ఉన్న వరుసలన్నిటికీ ఎత్తు మళ్ళీ అడగాల్సిందే.

పౌండ్లు, అంగుళాలతోనే చేస్తూ 703తో గుణించడం మరిస్తే 0.03 దగ్గర ఏదో వస్తుంది. అది అరుదు, గుణిస్తే సరిపోతుంది.